ఘోరం వేరు, అరుదు వేరు: చిలకలూరిపేట నుంచి మిర్యాలగూడ దాకా

కారంచేడు, చుండూరు గురించి రాసిన భాగాలు చదివి చాలామంది ఇన్‌బాక్స్‌లో ఒకే ప్రశ్న అడిగారు. "ప్రణయ్ కేసులో ఉరిశిక్ష పడింది కదా, నువ్వెందుకు ఒక్క ముక్క కూడా రాయలేదు? మనవాణ్ని చంపినోడికి ఉరి పడితే నీకు సంతోషం లేదా?" ఒకరిద్దరు కోపంగానే అడిగారు. ఆ కోపం నాకు అర్థమవుతుంది. దానికి ఒక్క మాటలో జవాబు లేదు. అందుకే ఈ భాగం రాస్తున్నా. కొంచెం పెద్దది, ఓపికగా చదవండి.

మా నందికొండ దగ్గర సాగర్ డ్యామ్ నుంచి రెండు కాలువలు పోతాయి. ఎడమ కాలువ మా నల్లగొండ జిల్లాలోకి, మిర్యాలగూడ వైపు. కుడి కాలువ గుంటూరు జిల్లా పొలాల వైపు. నేను చెప్పబోయే రెండు కేసులు ఈ రెండు దిక్కుల్లోనే జరిగాయి. మిర్యాలగూడలో చంపబడ్డవాడు దళితుడు. చిలకలూరిపేటలో ఉరిశిక్ష పడ్డవాళ్ళు దళితులు. ఒక కేసు గురించి మాట్లాడి రెండోదాన్ని మరిచిపోతే మనం సగమే మాట్లాడినట్టు.

ముందు పాత కేసు. 1993 మార్చి 8 తెల్లవారుజాము. హైదరాబాద్ నుంచి చిలకలూరిపేట పోతున్న ఆర్టీసీ బస్సు. చలపతిరావు, విజయవర్ధనరావు అనే ఇద్దరు యువకులు పెట్రోలుతో బస్సెక్కారు. పెట్రోలు చల్లి, అగ్గిపెట్టె చూపించి, ప్రయాణికులను బెదిరించి దోచుకోవాలన్నది పథకం. బెదిరింపు దగ్గర ఆగలేదు. నిప్పంటుకుంది. 23 మంది కాలి చనిపోయారు. ఆ 23 మందిలో ఎవరూ ఆ ఇద్దరికి ఏ అన్యాయమూ చేసినవాళ్ళు కాదు. ఈ వ్యాసం చివరిదాకా ఆ సంఖ్యను మనసులో పెట్టుకోండి. దాన్ని తక్కువ చేసి నేను ఏ వాదనా చేయను.

గుంటూరు సెషన్స్ కోర్టు 1995లో ఇద్దరికీ ఉరిశిక్ష వేసింది. హైకోర్టు ఖరారు చేసింది. 1996 ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా సరేనంది. రాష్ట్రపతికి పెట్టుకున్న క్షమాభిక్ష దరఖాస్తు తిరస్కరించబడింది. 1997 మార్చి 29న రాజమండ్రి సెంట్రల్ జైలులో ఉరి తీయాలని తేదీ పెట్టారు. ముందు రోజు, మార్చి 28న, సుప్రీంకోర్టు ఆపింది. ఈలోగా హక్కుల సంఘాలు, దళిత సంఘాలు, రచయితలు రాష్ట్రమంతా తిరిగి మాట్లాడారు. చివరికి 1998లో, కె.ఆర్. నారాయణన్ రాష్ట్రపతిగా ఉండగా, ఆ శిక్ష యావజ్జీవంగా మారింది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మూడు కోర్టులు ఉరి అన్నాయి. తర్వాత ప్రభుత్వం, రాష్ట్రపతి కలిసి వద్దన్నారు. నేరం మారలేదు, సాక్ష్యం మారలేదు, చనిపోయినవాళ్ళ సంఖ్య మారలేదు. మరి మారిందేమిటి? తూకంలో వేసిన వస్తువులు మారాయి. కోర్టు తక్కెడలో పడనివి బయట పడ్డాయి. ఇది అర్థం కావాలంటే ఆ తక్కెడ ఎట్లా తయారైందో తెలియాలి.

1955 దాకా మన దేశంలో హత్యకు మామూలు శిక్ష ఉరే. ఉరి వేయకపోతే ఎందుకు వేయలేదో జడ్జి కారణం రాయాల్సి వచ్చేది. 1955 సవరణతో ఆ నియమం పోయింది. 1973లో వచ్చిన కొత్త క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ దాన్ని పూర్తిగా తలకిందులు చేసింది. ఇక మామూలు శిక్ష యావజ్జీవం. ఉరి వేయాలంటే ప్రత్యేక కారణాలు రాయాలని ఆ కోడ్‌లోని 354(3) సెక్షన్ చెప్పింది. దాంతోపాటు 235(2) సెక్షన్ వచ్చింది: నేరం రుజువైన తర్వాత, శిక్ష ఎంత అన్నదాని మీద ముద్దాయి మాట విడిగా వినాలి. అంటే చట్టం ఒక కేసును రెండు విచారణలుగా చేసింది. చేశాడా లేదా అన్నది మొదటిది. చేసినవాడు ఎవరు, ఎట్లాంటివాడు, ఎందుకు ఇట్లా అయ్యాడు అన్నది రెండోది.

ఆ రెండో ప్రశ్నను సుప్రీంకోర్టు గట్టిగా అడిగిన తొలి కేసుల్లో ఒకటి మన తెలుగు నేల నుంచే పోయింది. 1974 ఫిబ్రవరిలో ఈడిగ అనమ్మ కేసు. కులం పేరే ఇంటిపేరుగా కోర్టు పుస్తకాల్లోకెక్కిన మనిషి. 24 ఏళ్ళ పల్లెటూరి స్త్రీ. తనతో సంబంధం ఉన్న మగవాడి విషయంలో పోటీగా అనుకున్న మరో స్త్రీని, ఆమె పసిబిడ్డను చంపింది. నేరం చిన్నది కాదు, పసిబిడ్డ చావు ఉంది. అయినా జస్టిస్ కృష్ణయ్యర్ నేరం దగ్గర ఆగలేదు. ఆమె వయసు చూశారు. మామ కొట్టి అత్తింటి నుంచి వెళ్ళగొట్టిన సంగతి చూశారు. ఆమెకు చిన్న కొడుకున్నాడని, రెండేళ్ళకు పైగా ఉరితాడు నీడలో బతికిందని చూశారు. శిక్షను యావజ్జీవానికి మార్చారు. నా ఉద్దేశంలో మన న్యాయ చరిత్రలో ఒక పేద తెలుగు ఆడమనిషి బతుకు శిక్షను నిర్ణయించే వస్తువుగా తూకంలో పడిన రోజు అది.

తర్వాత 1980లో బచన్ సింగ్ కేసు. ఐదుగురు జడ్జీలు. ఉరిశిక్ష రాజ్యాంగ విరుద్ధం కాదని నలుగురు అన్నారు, జస్టిస్ భగవతి ఒక్కరే కాదన్నారు. ఉరి పేదవాళ్ళనే ఎక్కువగా వెతుక్కుంటుందన్నది ఆయన అభ్యంతరాల్లో ముఖ్యమైనది. ఆ నలుగురు కూడా ఉరికి తలుపు బార్లా తెరవలేదు. 'అరుదైనవాటిలోకెల్లా అరుదైన' కేసుల్లో మాత్రమే అని షరతు పెట్టారు. మన పేపర్లలో ఆ మాట తరచూ చదువుతుంటాం. అయితే చాలాసార్లు దాన్ని 'అత్యంత ఘోరమైన నేరం' అన్న అర్థంలో వాడతారు. నేను తెలుగు మాస్టర్ని కాబట్టి ఈ మాట దగ్గర ఆగక తప్పదు. ఘోరం అంటే నేరం ఎంత భయంకరంగా ఉందో చెప్పే మాట. అరుదు అంటే అటువంటిది ఎప్పుడో గాని రాదని చెప్పే మాట. బచన్ సింగ్ తీర్పులో ఆ అరుదుకు ఒక కొలత ఉంది: యావజ్జీవం అనే మరో దారి ఏ సందేహమూ లేకుండా మూసుకుపోయి ఉండాలి. ఆ దారి మూసుకుపోయిందో లేదో నేరాన్ని ఒక్కదాన్నే చూస్తే తెలియదు. మనిషిని చూడాలి.

అందుకే ఆ తీర్పులో రెండు పళ్ళేలున్నాయి. మొదటి పళ్ళెంలో శిక్ష బరువును పెంచేవి: ముందే వేసుకున్న పథకం, అతి క్రూరత్వం, విధిలో ఉన్న పోలీసునో సైనికుణ్ణో చంపడం వంటివి. రెండో పళ్ళెంలో బరువును తగ్గించేవి: తీవ్రమైన మానసిక కల్లోలంలో చేశాడా, వయసెంత, వేరొకరి ఒత్తిడికో పెత్తనానికో లొంగి చేశాడా, మానసిక లోపం ఉందా, మళ్ళీ హింసకు దిగకుండా ఉండే అవకాశం ఉందా, మారే అవకాశం ఉందా. ఈ చివరి రెండింటి దగ్గర ఒక ముఖ్యమైన మాట ఉంది. ఇతను మారడు, సమాజానికి ప్రమాదంగానే ఉంటాడు అని రుజువు చేయాల్సింది ప్రభుత్వం. నేను మారతానని ముద్దాయి రుజువు చేసుకోనక్కరలేదు. పైగా రెండో పళ్ళెంలోకి వచ్చేవాటిని ఉదారంగా చూడాలని కూడా ఆ తీర్పు చెప్పింది.

వినడానికి తక్కెడ సరిగ్గానే ఉంది. చిక్కంతా పళ్ళేలు నిండే తీరులో ఉంది. మొదటి పళ్ళెం దానంతటదే నిండుతుంది. పోలీసులు ఉన్నారు, పంచనామా ఉంది, పోస్టుమార్టం రిపోర్టు ఉంది, ఫోటోలున్నాయి, సాక్షులున్నారు, ప్రాసిక్యూటర్ ఉన్నాడు. నెలల తరబడి, ఏళ్ళ తరబడి జరిగే విచారణంతా ఆ పళ్ళెంలోకే పోతుంది. రెండో పళ్ళెం నింపడానికి ఎవరున్నారు? ముద్దాయి పుట్టిన వాడకు పోయి, తల్లిని, బడి పంతులును, పనిచ్చిన ఆసామిని కలిసి, అతని బతుకు కథను కాగితం మీద పెట్టే మనిషి ఎవరు? డబ్బున్నవాడైతే లాయరు మనుషుల్ని పంపుతాడు. లేనివాడికి లీగల్ ఎయిడ్ లాయరు. నేరం రుజువైందని జడ్జి చెప్పిన పూటే, 'శిక్ష గురించి ఏమైనా చెప్పుకుంటావా' అని అడిగితే బోనులో నిలబడ్డవాడు ఏం చెబుతాడు? 'ముసలి తల్లి ఉంది సార్, పిల్లలున్నారు సార్' అంటాడు. అదే రెండో పళ్ళెం. జడ్జి రెండు పళ్ళేలూ చూస్తాడు. ఒకటి నిండుగా, ఒకటి ఖాళీగా ఉంటుంది. ఎవరూ నింపలేదు కాబట్టి ఖాళీగా ఉందని అనుకోరు. ఇతని తరఫున చెప్పడానికి ఏమీ లేదు కాబట్టి ఖాళీగా ఉందనుకుంటారు.

ఇప్పుడు చిలకలూరిపేటను ఈ తక్కెడలో పెట్టి చూడండి. మొదటి పళ్ళెంలో 23 మంది చావు. తప్పించుకునే దారి లేని బస్సు. ముందే సిద్ధం చేసుకున్న పెట్రోలు. ఇది తేలికైన బరువని ఎవరూ అనలేరు. రెండో పళ్ళెంలో ఏం పడాలి? వాళ్ళు వచ్చింది దోపిడీకి, ఆ బస్సులో ఫలానా మనిషిని చంపాలన్న పగ ఎవరికీ లేదు. ఇద్దరూ యువకులు, పేద దళితులు. పెట్రోలు చల్లిన చోట అగ్గిపుల్ల గీస్తే ఏమవుతుందో తెలియదా అని మీరడగవచ్చు. తెలుసు. అందుకే అది హత్య అయింది, నేరం రుజువైంది. శిక్ష దగ్గర అడగాల్సింది వేరే ప్రశ్న: చంపాలనే వచ్చినవాడినీ, దోచుకోవాలని వచ్చి చావులకు కారణమైనవాడినీ ఒకే బరువుతో తూచాలా? ఈ ఇద్దరూ ఎప్పటికీ మారరని ప్రభుత్వం ఏ కాగితంతో రుజువు చేసింది? బచన్ సింగ్ ప్రకారం జవాబు ఉండాల్సింది ఆ ప్రశ్నకే. 23 అనే సంఖ్య ఆ ప్రశ్నను అడగకుండానే మింగేసింది. ఘోరాన్ని చూసి అరుదు అనేశారు.

బయట నడిచిన ఉద్యమం చేసిన పని ఏమిటంటే రెండో పళ్ళేన్ని నింపడం. నేరాన్ని ఎవరూ సమర్థించలేదు. ఈ మనుషులెవరు, ఎక్కడి నుంచి వచ్చారు, వీళ్ళ కులమేది, బతుకేది అని అడిగారు. కోర్టులో పడాల్సినవి వీధిలో పడ్డాయి. అందువల్ల ఇద్దరు బతికారు. ఉద్యమం లేని కేసుల్లో ఏమవుతుంది అన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉంది. 2016లో ఢిల్లీ నేషనల్ లా యూనివర్సిటీ దేశంలో ఉరిశిక్ష పడ్డ ఖైదీలను కలిసి రాసిన నివేదిక ప్రకారం వాళ్ళలో దాదాపు నాలుగింట మూడొంతుల మంది ఆర్థికంగా బలహీనులు. భగవతి ఒంటరిగా చెప్పిన మాటకు ముప్పై ఏళ్ళు దాటాక లెక్క దొరికింది.

ఇప్పుడు రెండో వైపు. 1983లో మచ్చీ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఉరికి తగిన నేరాలను ఐదు రకాలుగా చెప్పింది. అందులో ఒక రకంలో మన గురించే ఉంది. షెడ్యూల్డ్ కులాల మనిషిని వ్యక్తిగత కారణంతో కాకుండా, సమాజమంతా రగిలిపోయే పరిస్థితుల్లో చంపితే అది ఉరికి తగిన నేరం కావచ్చు అని. ఇది వచ్చిన రెండేళ్ళకే, 1985 జులై 17న కారంచేడు. ఆరుగురు మాదిగలు చనిపోయారు. 1991 ఆగస్టు 6న చుండూరు. ఎనిమిది మంది. ఆ మాటలు ఈ రెండింటి కోసమే రాసినట్టుంటాయి. ఏమైంది? కారంచేడు కేసు సుప్రీంకోర్టులో ముగియడానికి 2008 దాకా పట్టింది. ప్రధాన నిందితుడికి యావజ్జీవం, చాలామందికి మూడేళ్ళు. చుండూరులో ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది.

వాళ్ళకు ఉరి వేయాల్సిందని నేను అనడం లేదు. నేను చెప్పేది ఇది: దళితుల్ని చంపిన కేసుల్లో మొదటి విచారణే నిలబడదు. చేశాడా లేదా దగ్గరే సాక్ష్యం జారిపోతుంది. శిక్ష తక్కెడ దాకా కేసు రానే రాదు. దళితుడు ముద్దాయి అయిన కేసుల్లో మొదటి విచారణ గట్టిగా నిలబడుతుంది, రెండో విచారణ పూటలో ముగుస్తుంది. చట్టం ఒక్కటే, తక్కెడ ఒక్కటే. దాని దాకా ఎవరు ఎట్లా చేరతారన్నదాంట్లో కులం ఉంది.

ఇక మిర్యాలగూడ. 2018 సెప్టెంబర్ 14న గర్భిణి అయిన భార్య కళ్ళ ముందే, ఆసుపత్రి బయట, ప్రణయ్‌ను కత్తితో నరికి చంపారు. కులం దాటి పెళ్ళి చేసుకున్నాడని అమ్మాయి తండ్రి డబ్బిచ్చి చేయించిన హత్య. విచారణ జరుగుతుండగానే, 2020లో, ఆ తండ్రి ఆత్మహత్య చేసుకున్నాడు. 2025 మార్చి 10న నల్లగొండలోని ఎస్సీ, ఎస్టీ కేసుల ప్రత్యేక కోర్టు రెండో నిందితుడికి, అంటే కత్తి పట్టిన కిరాయి మనిషికి, ఉరిశిక్ష వేసింది. మిగిలిన ఆరుగురికి యావజ్జీవం.

ఈ తీర్పులో నాకు తృప్తినిచ్చింది ఉరి కాదు. మొదటి విచారణ నిలబడటం. దళితుణ్ని కులం కోసం చంపారని రుజువైంది, డబ్బు ఎటు నుంచి ఎటు పోయిందో తేలింది, మిగిలిన ఏడుగురూ దోషులయ్యారు. చుండూరు చూసినవాళ్ళకు ఇదెంత పెద్ద విషయమో తెలుసు. అసలు విజయం అదే, దాన్ని గట్టిగా చెప్పుకుందాం.

శిక్ష దగ్గరికి వచ్చేసరికి నాకు రెండు ప్రశ్నలున్నాయి. కుల పగ ఎవరిది, కత్తి ఎవరిది? ఆ పగ ఉన్నవాడు తక్కెడ దాకా రాకముందే పోయాడు. కిరాయికి చంపడం చిన్న నేరమని కాదు. డబ్బు కోసం, ముక్కూముఖం తెలియని మనిషిని చంపడం మొదటి పళ్ళెంలో బరువుగానే పడుతుంది. కానీ కులం చేయించిన హత్యకు కిరాయి మనిషిని ఉరితీసి, కులానికి శిక్ష పడిందని మనం అనుకుంటే అది మన అమాయకత్వం. రెండో ప్రశ్న, ఇతని రెండో పళ్ళేన్ని ఎవరు నింపారు?

ఈ రెండో ప్రశ్నకు ఇప్పుడు చట్టంలో గట్టి ఆధారం ఉంది. 2022 మేలో మనోజ్ కేసులో సుప్రీంకోర్టు రెండో పళ్ళెం ఎట్లా నింపాలో వరసగా చెప్పింది. ముద్దాయి వయసు, బాల్యం, కుటుంబం, చదువు, ఆదాయం, పాత నేరాలు, మానసిక స్థితి గురించిన వివరాలు సెషన్స్ కోర్టులోనే తెప్పించాలి. ఇవ్వాల్సిన బాధ్యత ప్రభుత్వానిది కూడా. జైలులో ఎట్లా ఉన్నాడు, ఏం పని చేశాడు, ఏం చదివాడు అన్న రిపోర్టు ఉండాలి. బచన్ సింగ్ చెప్పి నలభై ఏళ్ళు దాటాక గాని ఇది పద్ధతిగా రాలేదు.

సెషన్స్ కోర్టు వేసిన ఉరిశిక్ష తనంతట తాను అమలు కాదు. హైకోర్టులో ఇద్దరు జడ్జీలు ఖరారు చేయాలి. ముద్దాయి అప్పీలు చేసుకోకపోయినా సరే, ఫైలు అక్కడికి పోవాల్సిందే. అవసరమైతే హైకోర్టు కొత్తగా వివరాలు తెప్పించుకోవచ్చు. కాబట్టి ఉరిశిక్ష తీర్పు వచ్చినప్పుడు చేతికందితే హెడ్‌లైన్ దగ్గర ఆగకండి, చివరి పేజీలు చదవండి. మూడు సంగతులు చూడండి. నేరం రుజువైందన్న తీర్పుకూ శిక్షకూ మధ్య ఎన్ని రోజులిచ్చారు? ముద్దాయి జీవితం గురించి కోర్టు ముందుకు వచ్చిన కాగితం ఒక్కటైనా ఉందా, లేక 'తల్లి ఉంది, పిల్లలున్నారు' అన్న ఒక్క వాక్యమేనా? ఇతను మారడు అనడానికి ప్రభుత్వం ఏం చూపించింది? ఈ మూడింటికి జవాబు లేకపోతే అక్కడ జరిగింది తూకం కాదు. ఒక పళ్ళేన్ని చూసి చెప్పిన అంచనా.

మనకు ఇదెందుకు అంటారా? ప్రణయ్ కేసులో కిరాయి హంతకుడి రెండో పళ్ళెం ఖాళీగా ఉన్నా పర్వాలేదని మనమే అంటే, రేపు మన వాడల నుంచి బోనెక్కే మరో చలపతిరావు పళ్ళెం ఎందుకు నింపలేదని అడిగే నోరు మనకుండదు. తక్కెడ మనవాళ్ళు ఎటున్నారో చూసి మారకూడదు. మారినంతకాలం అది ఎటు మొగ్గుతుందో కారంచేడు, చిలకలూరిపేట మనకు ఇప్పటికే చెప్పాయి.

నన్ను కోపంగా అడిగిన తమ్ముడికి ఇదే నా జవాబు. ప్రణయ్ కోసం న్యాయం అడుగుదాం. ఆ హత్యకు డబ్బు పెట్టించిన కులం మీద పోరాడుదాం. ఉరితాడును మాత్రం మన చేతిలో ఆయుధం అనుకోవద్దు. అది ఎప్పుడూ మన చేతిలో లేదు. ఎక్కువసార్లు మన మెడ మీదే ఉంది.

వచ్చే భాగంలో చుండూరు తీర్పు 2014లో ఎందుకు కూలిందో, సాక్ష్యాల సంగతి ఒక్కొక్కటిగా చూద్దాం.